నర్సమ్మ తీసిన స్క్రీన్‌షాట్

పన్నెండేళ్ళు మియాపూర్‌లోని ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పాను. ఆ బడి మూతపడ్డాక నాకు దొరికిన ఉద్యోగం చూసి మా చుట్టాలంతా నవ్వారు. "ఇన్నాళ్ళూ పిల్లలు పరీక్ష రాస్తుంటే కాపలా కాశావు. ఇప్పుడు పెద్దవాళ్ళకి కాస్తావన్నమాట" అంది మా వదిన. అందులో అబద్ధమేమీ లేదు. రాయదుర్గంలో ఒక భవనం ఆరో అంతస్తులో, వరసగా వేసిన బల్లల మధ్య, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఆన్‌లైన్‌లో పరీక్షలు రాసేవాళ్ళను తెర మీద చూస్తూ కూర్చోవడమే నా పని. ప్రాక్టర్ అంటారు మమ్మల్ని.

బడిలో అయితే గదంతా తిరిగేదాన్ని. ఇక్కడ కుర్చీ కదలదు, కళ్ళే తిరగాలి. ఒకేసారి ఆరుగురు నా తెర మీద ఉండేవారు. ఒక్కొక్కరికి రెండు కిటికీలు: ఒకదానిలో వాళ్ళ ముఖం, గది, రెండోదానిలో వాళ్ళ కంప్యూటర్ తెర. మొదట గుర్తింపు కార్డు చూపించమనాలి. తర్వాత ల్యాప్‌టాప్ ఎత్తి గదంతా తిప్పి చూపించమనాలి, బల్ల కింద కూడా. ఆ తర్వాత వాళ్ళు ఒక ఒప్పందం మీద "అంగీకరిస్తున్నాను" అని నొక్కాలి. ఆ ఒప్పందం నాలుగు పేజీలుంటుంది. దాన్ని చదివినవాళ్ళను నేను వేళ్ళ మీద లెక్కపెట్టగలను.

నేను చేరిన కొత్తలో మాకు శిక్షణ ఇచ్చింది మా పైఅధికారి. రివ్యూ డెస్క్ ఆమెది. మేం ఆపేసిన ప్రతి పరీక్ష రికార్డింగూ, మేం రాసిన ప్రతి రిపోర్టూ ఆమె బల్ల మీదుగా పోవాల్సిందే. వయసులో నాకంటే పదమూడేళ్ళు చిన్న. నానక్‌రామ్‌గూడ ఆడబిడ్డ. ఆ ఊరి చుట్టూ ఇన్ని టవర్లు లేవక ముందు నుంచీ అక్కడే ఉన్న కుటుంబం. మొదటి రోజు నేను "మేడమ్" అని పిలిస్తే నవ్వేసింది.

"మేడమ్ గీడమ్ ఏంది? మీరు టీచరమ్మ. నేనే మీకు నమస్తే పెట్టాలె."

ఆ రోజు నుంచి ఆఫీసంతటికీ నేను టీచరమ్మనే అయిపోయాను. నేను మాత్రం ఆమెను మేడమ్ అనే పిలిచాను. పనిలో ఆమె నిజంగానే నాకు పంతులమ్మ.

శిక్షణలో నియమాల పట్టిక చెప్పేటప్పుడు నాకొక సందేహం వచ్చింది. చూపు పక్కకు పోతే మొదట హెచ్చరించాలి. పెదవులు కదిపి ప్రశ్న చదివితే హెచ్చరించాలి. గదిలోకి ఎవరైనా వస్తే పరీక్ష ఆపి, కనుక్కుని, అవసరమైతే కొనసాగించాలి. కానీ స్క్రీన్‌షాట్ తీస్తే, తీయబోయినా సరే, హెచ్చరిక లేదు. పరీక్ష అక్కడితో ముగించడమే.

"అదంత పెద్ద తప్పా మేడమ్? తెర ఫోటోయే కదా. దానివల్ల ఆ మనిషికి ఆ పరీక్షలో మార్కులేమీ పెరగవు కదా" అన్నాను.

ఆమె నాకు ఎదురు ప్రశ్న వేసింది. "మీ బడిల పరీక్ష అయినంక ప్రశ్నపత్రం ఏం చేస్తరు టీచరమ్మా?" అని అడిగింది.

"పిల్లలు ఇంటికి పట్టుకెళ్ళిపోతారు."

"ఎందుకు పట్టుకపోనిస్తరు?"

"అయిపోయింది కదా. వచ్చే ఏడాది వేరే పేపరు."

"గదే. ఈ పరీక్ష అయిపోదు. పొద్దున ఒకరు రాస్తరు, మాపటికి ఒకరు, రేపు ఇంకొకరు. గవే ప్రశ్నలు ఒక పెద్ద పెట్టెల కెల్లి తీసి అటూ ఇటూ కలిపి ఇస్తనే ఉంటరు. ఒక ప్రశ్న రాయాలంటే ఆ పని తెల్సినోళ్ళు కూసొని రాస్తరు, ఇంకొకరు దిద్దుతరు, మార్కులు లేకుండ కొన్నాళ్ళు పరీక్షల పెట్టి అది సరిగ్గ పనిచేస్తుందా లేదా చూస్తరు. అటెన్క పెట్టెల వేస్తరు. గట్ల తయారైన ప్రశ్న ఫోటో ఒక్కటి బయటికి పోయిందనుకోండ్రి, ఇగ అది ప్రశ్న కాదు. ముందుగాల చూసినోడికి తెల్సిన జవాబు."

పరీక్షల గురించి ఇన్నేళ్ళలో నేనెప్పుడూ అలా ఆలోచించలేదు. కాపీ కొట్టేవాడు తన కోసం దొంగతనం చేస్తాడని మాత్రమే తెలుసు. ఇంకా పరీక్ష రాయని వాళ్ళ దగ్గర నుంచి కూడా దొంగిలించవచ్చని తెలియదు.

అది ఎలా ఉంటుందో రెండు నెలల్లోనే చూశాను. ఒక కుర్రాడు ల్యాప్‌టాప్ వెనక చిన్న ఫోన్ పెట్టుకుని ప్రశ్నలన్నీ ఫోటో తీశాడు. సాఫ్ట్‌వేర్‌కు దొరకలేదు, చూస్తున్న ప్రాక్టర్‌కూ దొరకలేదు. మేడమ్ రికార్డింగ్ తిరగేస్తుంటే అతని కళ్ళజోడు అద్దంలో ఒక చిన్న తెల్లని చదరం కదలడం కనిపించింది. ఆమె దాన్ని పెద్దది చేసి, ముందుకీ వెనక్కీ తిప్పి, అరగంట చూసింది. ఆ తర్వాత ఆ ప్రశ్నలు ఒక మెసేజి గ్రూపులో దొరికాయని పరీక్ష పెట్టే బోర్డు నుంచి కబురు వచ్చింది. అతని ఫలితం రద్దయింది. అదే బోర్డు అంతకు ముందు ఇచ్చిన సర్టిఫికెట్లు కూడా వెనక్కి తీసుకున్నారు. ఇక జన్మలో వాళ్ళ పరీక్ష ఏదీ రాయకుండా నిషేధించారు. కానీ నన్ను కదిలించింది అతనికి పడిన శిక్ష కాదు. ఆ వారం అదే పరీక్ష రాసిన వాళ్ళందరి ఫలితాలూ ఆపేశారు. ఎవరు న్యాయంగా రాశారో, ఎవరు గ్రూపులో చూసి రాశారో తేలేదాకా. వాళ్ళలో ఎంతమంది నిద్రమాని చదివి ఉంటారో!

ఇది చెప్పడం ఎందుకంటే, అసలు సంగతి జరిగిన రోజు నా మనసు ఎలా ఉందో తెలియాలి. అప్పటికి నేను స్క్రీన్‌షాట్ అంటే భగ్గుమనే మనిషినయ్యాను.

ఒక మంగళవారం మధ్యాహ్నం. నా తెర మీది ఆరుగురిలో ఒక నర్సు ఉంది. ఆమె నర్సని నాకు ముందు తెలియదు. గుర్తింపు కోసం ఆస్పత్రి కార్డు చూపించబోయి, అది చెల్లదని నేనంటే ఆధార్ తీసింది. అలా తెలిసింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. రాస్తున్నది మెడికల్ కోడింగ్ పరీక్ష. రోగికి వచ్చిన జబ్బుకూ చేసిన వైద్యానికీ తగిన కోడ్లు వేసే పని అది. మన వైపు చాలామంది నర్సులు వార్డు డ్యూటీల నుంచి ఆ పనికి మారుతున్నారు. ఆ పరీక్షకు కోడ్ల పుస్తకాలు దగ్గర పెట్టుకోవచ్చు. ఆమె పుస్తకాలు మూడూ అంచులు నలిగి, రంగు కాగితాల గుర్తులతో ఉబ్బి ఉన్నాయి. చదివిన మనిషని చూడగానే తెలుస్తుంది. వెనక గోడ మీద సిలువ, దాని కింద పిల్లల బడి సంచీలు రెండు.

గంటన్నర సజావుగా గడిచింది. ఇంతలో నా తెర మీది ఇంకొక పెద్దాయన కెమెరా జారిపోయి పైకప్పు చూపించసాగింది. ఆయనకు దాన్ని సరిచేయడం రాదు. "ఎడమ వైపు వంచండి, కాదు, మీ ఎడమ" అంటూ నేను ఆయనతో మాట్లాడుతున్నాను. అప్పుడే నర్సు కిటికీ చుట్టూ ఎర్రగీత వెలిగింది. తెరను ఫోటో తీసే మీటలు నొక్కారని హెచ్చరిక. చూసేసరికి ఆమె తెర మసకబారి ఉంది. ఆ మీటలతో తెర ఫోటో తీసి దాచుకున్నప్పుడు అలాగే క్షణంసేపు మసకబారుతుంది.

నేను పరీక్ష నిలిపేసి మైకు తెరిచాను.

"మీరు స్క్రీన్‌షాట్ తీశారా?" ఇంగ్లీషులో అడిగాను. నియమం అది.

ఆమె ఉలిక్కిపడింది. కెమెరా వైపు చూసి తెలుగులో చెప్పింది. "అవునండీ, నేనే నొక్కాను. ఏదో ఎర్రర్ వచ్చిందండీ. మీకు చూపిద్దామని..."

ఆమె తెర మీద ఇప్పుడు ఏ ఎర్రరూ లేదు. ప్రశ్న మామూలుగానే ఉంది. పన్నెండేళ్ళలో నేను విన్న సాకులన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. టీచర్, ఆ చీటీ నాది కాదు టీచర్. టీచర్, నేను టైము అడిగానంతే.

"మీ పరీక్ష ముగించేస్తున్నాను. మిగతా వివరాలు మీకు మెయిల్‌లో వస్తాయి" అన్నాను.

ఇలా అన్నప్పుడు మనుషులు అరుస్తారు, ఏడుస్తారు, బతిమాలతారు. ఒకాయన నా ముందే ల్యాప్‌టాప్ నేలకేసి కొట్టాడు. ఈమె అవేవీ చేయలేదు. "సరేనండీ. నేనే నొక్కానని రాయండి. కానీ ఎర్రర్ వచ్చిందని కూడా రాయండి. అది కూడా నిజమేనండీ" అంది. పుస్తకాలు ఒకదాని మీద ఒకటి సర్దింది. కిటికీ నల్లబడింది.

నేను రిపోర్టు రాశాను. "అభ్యర్థి ప్రశ్నను దొంగిలించే ఉద్దేశంతో స్క్రీన్‌షాట్ తీసింది. అడిగితే ఎర్రర్ వచ్చిందని సాకు చెప్పింది. తెర మీద ఎర్రర్ లేదు." సమయం వేశాను, సంతకం పెట్టాను, పంపేశాను. పని బాగా చేశాననే అనుకున్నాను.

మర్నాడు పొద్దున రాయదుర్గం స్టేషన్ మెట్లు దిగి ఆఫీసుకు వచ్చేసరికి మేడమ్ నా బల్ల దగ్గర నిలబడి ఉంది. చేతిలో టీ కప్పు. నా రిపోర్టు వెనక్కి వచ్చిందని తర్వాత చూశాను.

"టీచరమ్మా, జర నాతోని వస్తరా?"

ఆమె బల్ల దగ్గర కూర్చున్నాం. నా రిపోర్టు తెరిచి పెట్టింది. "దొంగిలించే ఉద్దేశంతో" అన్న మాట మీద వేలు పెట్టింది.

"గిది మీరు చూసిండ్రా?"

"స్క్రీన్‌షాట్ తీసింది మేడమ్. ఒప్పుకుంది కూడా."

"తీసింది. గది చూసిండ్రు. ఉద్దేశం యాడ కనబడ్డది?"

నాకు కోపం వచ్చింది. వయసులో చిన్నది, పరీక్షల సంగతి నాకు చెబుతుందా అనిపించింది. "ఇంకెందుకు తీస్తారు మేడమ్?" అన్నాను.

"నాకు తెల్వదు. మీకూ తెల్వదు. మనం జడ్జిలం కాదు టీచరమ్మా. నిర్ణయం బోర్డు చేస్తది, మనం కాదు. వాళ్ళు ఆ గదిల లేరు, మనమే ఉన్నం. కండ్లు మనవి, తీర్పు వాళ్ళది. మనం తీర్పు గిట్ల రాసి పంపినమంటే, వాళ్ళు ఆ కండ్లతోనే చూస్తరు. రాండ్రి, ఇద్దరం చూద్దాం."

రికార్డింగ్ నడిపించింది. హెచ్చరిక వచ్చిన క్షణం నుంచి వెనక్కి తీసుకుపోయింది. నర్సు ప్రశ్న చదువుతోంది. ఆ ప్రశ్నలో ఒక బొమ్మ ఉండాల్సిన చోట ఖాళీ గడి ఉంది. ఆమె ఎదురుచూసింది. పక్కనున్న చాట్ పెట్టెలో ఇంగ్లీషులో టైపు చేసింది: "బొమ్మ రావడం లేదు. దయచేసి సహాయం చేయండి." పంపింది. మళ్ళీ ఎదురుచూసింది. ఇంకోసారి రాసింది: "హలో మేడమ్." ఆమె చూపు గడియారం మీదికి పోతూ వస్తూ ఉంది. దాదాపు రెండు నిమిషాలు గడిచాయి. ఉన్నట్టుండి తెర మధ్యలో ఒక పెట్టె లేచింది, సంబంధం తెగిపోయింది, మళ్ళీ ప్రయత్నిస్తున్నాం అని. ఆమె పెదవులు "అయ్యో" అన్నాయి. చెయ్యి మీటల మీద పడింది. తెర మసకబారింది. అదే క్షణంలో ఆ పెట్టె మాయమై, బొమ్మతో సహా ప్రశ్న వచ్చేసింది. అప్పుడు నా గొంతు వినిపించింది, కరుకుగా.

మేడమ్ వీడియో ఆపింది. టీ చల్లారిపోయింది.

ఆ రెండు నిమిషాలూ నేను పెద్దాయన కెమెరా సరిచేయిస్తున్నాను. చాట్‌లో పడ్డ రెండు మాటలూ నేను చూడలేదు. సాకు అని రాశానే, అది సాకు కాదు. ఆమె నన్ను పిలిచింది. నేను పలకలేదు.

"నేను చూడలేదు మేడమ్" అన్నాను.

"తెల్సు. ఆరుగురిని సూసుకుంట ఒకరితోని మాట్లాడుతున్నరు. మీరు కావాలని చేసింది గాదు. ఆమె గూడ గంతే." తర్వాత, తనలో తాను అనుకున్నట్టుగా, "ఆస్పత్రిల కంప్యూటర్ మొరాయిస్తే ఐటీవాళ్ళు ఏమంటరు? స్క్రీన్‌షాట్ పంపుండ్రి అంటరు. మనం గూడ మన ఐటీవాళ్ళకు గదే పంపుతం. చేతికి అలవాటయిపోయింది" అంది.

"అయితే ఆమె తప్పేమీ లేదని రాద్దామా?"

"తప్పు లేదని మనమెట్ల రాస్తం? తీసింది కదా. మన సాఫ్ట్‌వేర్ అడ్డుకుంటే ఫోటో నల్లగ వస్తది. గట్ల వచ్చిందో, ప్రశ్నతోని వచ్చిందో మనకు కనబడదు. ఆమె కంప్యూటర్‌ల ఉంటది గది. తీయగూడదని ఒప్పందం మీద ఉన్నది. గది గూడ మాఫీ చెయ్యనీకి మనకు హక్కు లేదు. మొదటి కెల్లి చూసింది చూసినట్టు రాద్దాం. ఏ నిమిషానికి ఏం జరిగిందో. అంతే."

ఇద్దరం కలిసి మళ్ళీ రాశాం. బొమ్మ రాలేదు, ఈ సమయానికి. చాట్‌లో సహాయం అడిగింది, ఈ సమయానికి. ప్రాక్టర్ జవాబివ్వలేదు. ఎర్రర్ పెట్టె వచ్చింది. అయిదు సెకన్ల తర్వాత స్క్రీన్‌షాట్ మీటలు. అడగగానే ఒప్పుకుంది. "ప్రాక్టర్ జవాబివ్వలేదు" అన్న చోట నా వేళ్ళు ఆగిపోయాయి. మేడమ్ నా వైపు చూడలేదు. నేనే టైపు చేశాను.

గొడవ అక్కడితో అయిపోలేదు. అలాంటి రిపోర్టు బోర్డుకు పోవాలంటే ఫ్లోర్ మేనేజరు గారు చూడాలి. ఆయన భీమవరం మనిషి, మెత్తగా మాట్లాడతారు. మేమిద్దరం ఆయన గదిలో నిలబడ్డాం.

"ఇదంతా బాగానే ఉందండీ. కానీ ఈ చాట్ సంగతి మనమెందుకు రాయడం? వాళ్ళు అడిగింది స్క్రీన్‌షాట్ గురించి. అడగని దానికి జవాబెందుకండీ? మన సర్వీసు బాగాలేదని మనమే చెప్పుకున్నట్టు అవుతుంది."

"సార్, ఆ లైను తీసేస్తే ఆమె దొంగ లెక్క కనబడ్తది" అంది మేడమ్.

"ఆమె అప్పీలు చేసుకుంటుంది కదండీ. అప్పుడు చూద్దాం."

"అప్పీలు చేసుకోకపోతే? చాలామంది చేసుకోరు సార్. సిగ్గుపడి ఇంట్ల కూసుంటరు."

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "ఈ ఒక్క కేసుకి మీరింత పరేషాన్ అవ్వడం ఎందుకమ్మా? పై వాళ్ళు అడిగితే ఏం చెప్పమంటారు నన్ను?"

మేడమ్ గొంతు పెంచలేదు. ఆ మాటలు నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తు. "నా పేరు చెప్పుండ్రి సార్. చాట్ చూడకపోవుడు తప్పయితే, ఒక్కొక్కరికి ఆరుగురిని ఇచ్చింది నేనే, టీచరమ్మ కాదు. పోయిన నెల ఆ పిలగాడి కండ్లజోడుల ఫోన్ దొరికినప్పుడు మన మాట వాళ్ళు ఎందుకు నమ్మిండ్రు? మనం ఉన్నది ఉన్నట్టు చెప్తమని నమ్మిండ్రు. మనకు అక్కరకొచ్చేది చెప్పి, రానిది దాస్తమంటే, రేపు ఇంకో దొంగను పట్టిచ్చినా నమ్మరు."

ఆయన తెర మీది రిపోర్టు మళ్ళీ మొదటి నుంచి చదివారు. తర్వాత పంపే మీట నొక్కారు. ఆయన గురించి కూడా మంచే చెప్పాలి, నొక్కింది ఆయనే.

బయటికి వచ్చాక నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మేడమ్, తప్పు మీ మీద వేసుకున్నారు" అన్నాను.

"ఏసుకునుడు ఏంది? నిజమే చెప్పిన. ఆరుగురు ఎక్కువైతున్నరని నాకు ముందే అనిపించింది. చెప్పలే. ఇప్పుడు చెప్పిన" అని, "ఆకలైతుంది, పోదాం రాండ్రి" అంటూ క్యాంటీన్ వైపు నడిచింది. అన్నం తింటూ ఆ సంగతే ఎత్తలేదు. మా పెద్దమ్మాయి పదో తరగతి లెక్కల గురించి అడిగింది.

మూడు వారాల తర్వాత బోర్డు నుంచి ఫైలు మళ్ళీ మా దగ్గరికి వచ్చింది, అప్పీలు కాగితంతో. పేరు, ఫోన్ నంబరు కొట్టేసి ఉన్నాయి. మేడమ్ నన్ను పిలిచి చదవమంది. ఇంగ్లీషులో, పెద్ద పెద్ద వాక్యాలు లేకుండా రాసి ఉంది. దాని సారం ఇది:

స్క్రీన్‌షాట్ నేనే తీశాను. ఒప్పందం చదవకుండా అంగీకరిస్తున్నానని నొక్కాను, అది నా తప్పు. ఎర్రర్ వచ్చినప్పుడు, అది మాయమైతే నా మాట ఎవరూ నమ్మరని భయపడ్డాను. ఆ ఫోటో నా కంప్యూటర్‌లో ఉందో లేదో చూశాను. ఉంది, కానీ మొత్తం నల్లగా ఉంది. దాన్ని తొలగించలేదు. తొలగిస్తే సాక్ష్యం దాచినట్టు అవుతుందేమోనని అలాగే ఉంచాను. మీరు ఎలా చెప్తే అలా చేస్తాను. వార్డులో మేము మందు తప్పుగా ఇస్తే, రోగికి ఏమీ కాకపోయినా, రాసి పెడతాం. ఇది కూడా అలాగే రాస్తున్నాను.

చివరి వాక్యం దగ్గర మేడమ్ "అబ్బ" అంది. ఆమె ఎవరినీ అంత తేలిగ్గా మెచ్చుకునే మనిషి కాదు. "టీచరమ్మా, ఈమెను మన రివ్యూ డెస్క్‌ల పెట్టుకోవాలె" అంది. ఇద్దరం నవ్వాం. నాకు లోపల మాత్రం సిగ్గుగా ఉంది. నేను సాకు అని రాసిన మాట అన్నది ఈ మనిషా!

ఆ మరుసటి వారం నిర్ణయం వచ్చింది. రాసిన పరీక్ష చెల్లదు. స్క్రీన్‌షాట్ నొక్కినది నిజం కాబట్టి ఆ రోజు రాసిన దానికి మార్కులు వేయరు. కానీ ప్రశ్న బయటికి పోలేదు, దురుద్దేశం కనిపించలేదు, సహాయం అడిగినా అందలేదు కాబట్టి నిషేధం లేదు, రికార్డులో మచ్చ లేదు. ఆ నల్ల ఫోటోను తొలగించి, తొలగించానని సంతకం చేసి పంపితే, మళ్ళీ రాసుకోవచ్చు, వేరే ప్రశ్నలతో. నిషేధం పడి ఉంటే ఏడాదో, అంతకన్నా ఎక్కువో ఆగాల్సి వచ్చేదని మేడమ్ చెప్పింది. మొదట నేను రాసిన రిపోర్టే పోయి ఉంటే, తప్పకుండా అదే జరిగేది.

నాకు మూడు రోజులు మళ్ళీ శిక్షణ వేశారు. కొత్త పిల్లల మధ్య నలభై నాలుగేళ్ళ నేను కూర్చున్నాను. మేడమ్‌కు ఆ ఏడాది రావాల్సిన పదోన్నతి ఆలస్యమైంది. దానికీ ఈ కేసుకూ సంబంధం ఉందని ఎవరూ అనలేదు, లేదనీ అనలేదు. ఆమెను అడిగితే "గది పోయేదైతే పోతది, వచ్చేదైతే వస్తది, ఫికర్ ఏంది" అంది. పదోన్నతి తర్వాతి ఏడాది వచ్చింది.

కానీ ఆ నెల నుంచి మా అంతస్తులో కొన్ని మారాయి. ఒక్కొక్కరికి నలుగురు అభ్యర్థులే. చాట్‌లో మాట పడితే హెడ్‌ఫోన్లో గంట మోగుతుంది. పరీక్ష మొదలయ్యే ముందు, ఒప్పందం చదవని వాళ్ళ కోసం, ప్రాక్టరే నోటితో చెప్పాల్సిన నాలుగు వాక్యాలు వచ్చాయి. ఆ వాక్యాలు రాయమని మేడమ్ నాకు అప్పగించింది. "మీరైతే పిల్లలకు చెప్పినట్టు చెప్తరు" అంది. ఎన్నో సార్లు కొట్టేసి రాశాను. చివరికి తెలుగులో ఇలా కుదిరింది, తర్వాత ఇంగ్లీషులోకి మార్చారు: "తెర మీద ఏ లోపం వచ్చినా మీరు ఫోటో తీయకండి, మీటలు నొక్కకండి. మేము అన్నీ రికార్డు చేస్తున్నాం, మీ మాట నమ్ముతాం. చెయ్యి ఎత్తండి, చాట్‌లో రాయండి. జవాబు వచ్చేదాకా ఆగండి, ఆ సమయం మీ లెక్కలోంచి పోకుండా చూస్తాం."

చివరి మాట కోసం మేడమ్ బోర్డుతో రెండు వారాలు వాదించింది. సమయం కలిపి ఇవ్వడం మా చేతిలో లేదు మరి. "మాట ఇస్తే నిలబెట్టాలె, లేకుంటే ఇయ్యొద్దు" అని, వాళ్ళు ఒప్పుకునేదాకా ఆ వాక్యం చెప్పనివ్వలేదు.

ఆ నర్సు మళ్ళీ పరీక్ష రాసిందో లేదో, రాస్తే పాసయిందో లేదో మాకు తెలియదు. ఫలితాలు మా దాకా రావు. ఎవరు ఏ ప్రాక్టర్‌కు పడతారో కూడా యంత్రమే పంచుతుంది. ఆమె ముఖం చూస్తే నేను గుర్తుపడతాననుకుంటాను, ఆమెకు నా ముఖం తెలియదు. ఆమె విన్నది నా గొంతే, అదీ కటువుగా. అది మాత్రం బాధగానే ఉంటుంది.

ఇప్పుడు కొత్తగా చేరిన వాళ్ళకు నేను కూడా శిక్షణ ఇస్తున్నాను. పోయిన వారం ఒక అమ్మాయి, డిగ్రీ అయి నేరుగా వచ్చింది, నన్ను అడిగింది. "మేడమ్, స్క్రీన్‌షాట్ తీస్తే పరీక్ష ముగించేస్తాం కదా. ముగించేశాక ఎందుకు తీశారో మనకెందుకు?"

నేను ఆమె చేత ఒక పాత రికార్డింగ్ తెరిపించాను. పేర్లు లేనిది, శిక్షణ కోసం నటించి తీసినది. హెచ్చరిక వచ్చిన చోట ఆపి, మూడు నిమిషాలు వెనక్కి తిప్పమన్నాను.

"ఇక్కడి నుంచి చూడమ్మా. చూస్తూ, ఏం కనిపిస్తే అది రాయి."

ఆమె హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. నేను పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాను.